ఒకే మధ్యాహ్నం రెండు పేపర్లు

మా అమ్మాయి ఏ-లెవెల్ పరీక్షల టైమ్ టేబుల్ మార్చిలో చేతికొచ్చింది. ఇంగ్లండులో బడివాళ్లు ఏ పిల్లకి ఆ పిల్ల పేరున ఒక కాగితం తీసిస్తారు. రాయబోయే పేపర్లు, తేదీలు, మొదలయ్యే వేళ, ఒక్కోటీ ఎంతసేపు, అన్నీ అందులో వరసగా ఉంటాయి. జూన్‌లో ఒక తేదీ దగ్గర మూడు వరసలు కనిపించాయి. ఉదయం తొమ్మిదింటికి ఫిజిక్స్. మధ్యాహ్నం ఒకటిన్నరకి ఎకనామిక్స్. మళ్లీ అదే ఒకటిన్నరకి ఫర్దర్ మ్యాథ్స్. చివరి రెండు వరసల పక్కనా ‘క్లాష్’ అని అచ్చువేసి ఉంది. అంతకుమించి ఒక్క ముక్క వివరణ లేదు.

మేముండేది లెస్టర్‌లో. నేను పుట్టి పెరిగింది తెనాలి. ఇక్కడి చదువుల సంగతి తెలియనివాళ్ల కోసం రెండు మాటలు చెప్పాలి. ఏ-లెవెల్ అంటే మన ఇంటర్మీడియట్ లాంటిదే, రెండేళ్ల చదువు. ఎక్కువమంది మూడు సబ్జెక్టులే తీసుకుంటారు. మా అమ్మాయి నాలుగు తీసుకుంది. రెండేళ్ల చదువుకీ పరీక్షలు చివరి వేసవిలోనే ఉంటాయి. యూనివర్సిటీవాళ్లు ముందే సీటు ఇస్తామంటారు గానీ, ఫలానా గ్రేడ్లు వస్తేనే అని షరతు పెడతారు. ఆగస్టులో ఫలితాలు వచ్చిన రోజున ఆ షరతు నెరవేరితే సీటు, లేకపోతే లేదు. మా అమ్మాయికి వచ్చిన షరతులో ఫర్దర్ మ్యాథ్స్ గ్రేడు పేరుపెట్టి మరీ ఉంది. అందుకే ఆ కాగితం చూడగానే నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు.

ఆ రాత్రే బడిలో పరీక్షల వ్యవహారం చూసే ఎగ్జామ్స్ ఆఫీసర్‌కి ఉత్తరం రాశాను. రెండు పేపర్లూ ఒకే రోజు, ఒకే వేళకి పడ్డాయి కాబట్టి ఒకదానికి వేరే తేదీ ఇప్పించమని అడిగాను. ఎవరికి రాయాలో, బోర్డుకి కూడా ఒక కాపీ పంపాలేమో చెప్పమన్నాను. మర్నాడు పొద్దున్నే జవాబొచ్చింది. బోర్డుకి ఏమీ రాయొద్దు, క్లాష్ సర్దే బాధ్యత బడిదే, గురువారం వచ్చి కలవండి అన్నారు. తేదీ మారుతుందని గానీ, మారదని గానీ అందులో లేదు.

గురువారం మా ఆయనా, నేనూ, మా అమ్మాయీ ముగ్గురం వెళ్లాం. ఆవిడ గది చిన్నది. గోడ నిండా టైమ్ టేబుల్ అంటించి, క్లాషులున్న పిల్లల పేర్లు రంగు పెన్నులతో రాసిపెట్టుకున్నారు. మాకు ఒక్కళ్లకే జరిగిందనుకుని వెళ్లాను. ఆ గోడ మీద చాలా పేర్లే ఉన్నాయి.

ఆవిడ ముందుగా ఒక సంగతి చెప్పారు. ఇక్కడ పరీక్షలు పెట్టే బోర్డులు ఒకటి కాదు. ఏక్యూఏ, ఓసీఆర్, పియర్సన్ లాంటివి నాలుగైదు ఉంటాయి. ఫిజిక్స్ ఒక బోర్డుది, ఎకనామిక్స్ ఇంకో బోర్డుదీ తీసుకునే స్వేచ్ఛ బడికి ఉంటుంది. బోర్డులన్నీ కలిసి ఒకే ఉమ్మడి టైమ్ టేబుల్ వేసుకుంటాయి. ఎక్కువమంది కలిపి తీసుకునే సబ్జెక్టులు ఢీకొనకుండా చూస్తారు. కానీ మే నడిమి నుంచి జూన్ చివరి దాకా ఉన్న ఆ కాస్త రోజుల్లో వందల పేపర్లు పట్టాలి. ప్రతి జతనీ విడదీయడం ఎవరి తరమూ కాదు. ఎవరో కొందరికి తగులుతుంది, ఈ ఏడాది మీ అమ్మాయికి తగిలింది అన్నారు.

“మరి తేదీ మార్చడానికి ఏం చెయ్యాలి?” అని మా ఆయన అడిగారు.

“పేపర్ తేదీ ఎవరికోసమూ మారదు. మీ అమ్మాయి ఆ పేపర్‌ని ఏ వేళకి రాయొచ్చన్నదే మనం చూడగలం,” అన్నారావిడ.

మొదట అది మాటల గారడీ అనిపించింది. ఆవిడ ఓపిగ్గా వివరించాక తేడా అర్థమైంది. దేశమంతా ఒకే ప్రశ్నపత్రం, ఒకే వేళకి తెరుస్తారు. ఒక్క పిల్ల కోసం వేరే పత్రం తయారుచెయ్యరు. కాబట్టి మా అమ్మాయి ఎప్పుడు రాసినా ఆ పత్రమే రాయాలి. మిగతావాళ్లు దాన్ని చూసేసిన తర్వాత, ఈ పిల్ల రాసేలోపు, అందులో ఏముందో ఈ పిల్ల చెవిన పడకూడదు. నిబంధనలన్నీ ఈ ఒక్క అవసరం చుట్టూ తిరుగుతాయి.

నేను వెంటనే, “అయితే ముందు రోజు రాయించెయ్యండి, అప్పటికి ఎవరూ పత్రం చూసి ఉండరు కదా,” అన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపారు. ముందు రోజు రాయిస్తే ఈ పిల్లకి తెలిసినది దేశంలో ఎవరికైనా చేరొచ్చు. అప్పుడు కాపలా కాయాల్సింది దేశంలోని పిల్లలందరినీ. తర్వాత రాయిస్తే ఒక్క పిల్లని కాస్తే చాలు. అందుకే ముందు రోజుకి జరపడం ఎప్పుడూ ఉండదు, తర్వాతికి జరపడం మాత్రం కొన్ని షరతుల మీద ఉంటుంది. ఇంత సూటిగా విన్నాక ఇక వాదించడానికి ఏమీ మిగల్లేదు.

మన దగ్గర ఈ గొడవ ఇంకో రకంగా ఉంటుంది. ఖమ్మంలో ఉండే మా అక్క కొడుకు హైదరాబాదు అశోక్ నగర్‌లో గది తీసుకుని ఉద్యోగ పరీక్షలకి చదివేవాడు. 2024లో తెలంగాణ డీఎస్సీ పరీక్షలు జూలై 18 నుంచి ఆగస్టు 5 దాకా పెట్టారు. గ్రూప్-2 ఆగస్టు 7, 8 తేదీల్లో ఉంది. రెండూ రాసేవాళ్లకి మధ్యలో ఒక్క రోజు మిగిలింది. అశోక్ నగర్, చిక్కడపల్లి కుర్రాళ్లంతా రోడ్డు మీదకొచ్చారు. గ్రూప్-2 డిసెంబరు 15, 16 తేదీలకి వాయిదా పడింది. తీరా ఆ 16నే రైల్వే జూనియర్ ఇంజినీర్ పరీక్ష పడింది, మావాడి గదిలో ఉండే ఇంజినీరింగ్ కుర్రాళ్లు తలలు పట్టుకున్నారు. గ్రూప్-2కి దరఖాస్తు చేసినవాళ్లు ఐదు లక్షలకి పైనే. అక్కడ తేదీ కదిలితే అందరికీ కదలాలి, లేకపోతే ఎవరికీ కదలదు. ఒక్క మనిషి వచ్చి నా సంగతి చూడండి అని అడిగితే కూర్చోబెట్టి మాట్లాడే గది లేదు. ఆ గది ఇక్కడ ఉంది. అది ఉండటం ఎంత పెద్ద విషయమో మావాడి ఫోన్లు వింటుంటే నాకు తెలిసొచ్చేది.

మళ్లీ మా సంగతికి వస్తాను. ఆవిడ ఒక తెల్లకాగితం తీసుకుని లెక్క వేశారు. ఒకే పూట పడిన రెండు పేపర్లూ కలిపి మూడు గంటల లోపైతే సమస్యే లేదు. ఒకదాని వెంట ఒకటి రాయిస్తారు. మధ్యలో ఇరవై నిమిషాలకి మించకుండా విరామం, అదీ ఇన్విజిలేటర్ కళ్లెదుటే. క్లాషుల్లో చాలావరకు ఇలాగే తీరిపోతాయట. మూడు గంటలు దాటితే ఒక పేపర్‌ని అదే రోజు ఇంకో వేళకి జరపొచ్చు. ఆ రోజు రాయాల్సిన పేపర్లన్నీ కలిపి ఆరు గంటలు దాటితేనే మర్నాటి ఉదయానికి తీసుకుపోయే మాట వస్తుంది. అది ఏ-లెవెల్ లెక్క. పదహారేళ్లకి రాసే జీసీఎస్ఈ పిల్లలకైతే ఐదున్నర గంటలే హద్దు.

ఫిజిక్స్ రెండు గంటలు, ఎకనామిక్స్ రెండు గంటలు, ఫర్దర్ మ్యాథ్స్ గంటన్నర. మొత్తం ఐదున్నర. ఆరుకి ఇంకా అరగంట తక్కువ. నాకు ప్రాణం ఉసూరుమంది. ఆవిడ పెన్ను ఆపకుండా, “మీ అమ్మాయికి అదనపు సమయం ఉంది కదా,” అన్నారు.

ఉంది. ఆ అదనపు సమయం మా ఇంట్లో ఒక పాత పుండు. మా అమ్మాయి లెక్కల్లో చురుకు. కానీ అచ్చులో ఉన్న పేరా చదివి అర్థం చేసుకోవడానికి తోటిపిల్లల కంటే ఎక్కువసేపు పడుతుంది. రెండేళ్ల కింద బడివాళ్లే గమనించి, పరీక్ష చేయించి, డిస్లెక్సియా అని తేల్చారు. పరీక్షల్లో 25 శాతం అదనపు సమయం ఇచ్చారు. మా ఆయనకి అది మింగుడుపడలేదు. “మన పిల్లకేం తక్కువ? రేపు ఎవరైనా వింటే ఏమనుకుంటారు?” అని చాలా రోజులు బాధపడ్డారు. ఊళ్లో వాళ్లకి చెప్పొద్దన్నారు. మా అమ్మకి కూడా చెప్పలేదు. పిల్ల మాత్రం ఆ సమయం దొరికిన తర్వాత పేపర్ పూర్తిగా రాసి బయటికి రాగలుగుతోంది.

ఆవిడ ఆ 25 శాతం కలిపి మళ్లీ వేశారు. రెండు గంటల పేపర్ రెండున్నర అవుతుంది. అవి రెండు. గంటన్నర పేపర్ గంటా యాభై రెండున్నర నిమిషాలవుతుంది. మొత్తం ఆరు గంటల యాభై రెండు నిమిషాల పైచిలుకు. నిబంధనలో చెప్పిన ఆరు గంటలు అదనపు సమయం కలుపుకునే. మా ఆయన ఆ అంకె వైపు చూస్తూ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత తనే, “ఆ రిపోర్ట్ కాపీ ఇంకోటి తెమ్మంటే తెస్తాను,” అన్నారు. అక్కర్లేదు, మా దగ్గరుంది అన్నారావిడ.

అయితే హద్దు దాటినంత మాత్రాన మర్నాడు రాసే హక్కు వచ్చేసినట్టు కాదు. బడి ఒప్పుకోవాలి, వేరే దారి లేదని వాళ్లకి నమ్మకం కుదరాలి. ఒకే రోజులో కానిస్తే ఎలా ఉంటుందో కూడా ఆవిడ రాసి చూపించారు. తొమ్మిది నుంచి పదకొండున్నర దాకా ఫిజిక్స్, ఒకటిన్నర నుంచి నాలుగు దాకా ఎకనామిక్స్, ఇరవై నిమిషాలు ఆగి మళ్లీ నాలుగూ ఇరవై నుంచి ఆరుంపావు దాకా ఫర్దర్ మ్యాథ్స్. కొందరు పిల్లలు ఇదే ఎంచుకుంటారట, ఆ రోజుతో పీడా వదిలిపోతుందని. మా అమ్మాయిని నువ్వేమంటావని అడిగారు. మమ్మల్ని కాకుండా పిల్లని అడగడం నాకు నచ్చింది. “ఎకనామిక్స్‌లో పెద్ద పెద్ద పేరాలు చదవాలి. అది అయ్యాక నాకు కళ్ల ముందు అక్షరాలు నిలవవు. మర్నాడు పొద్దున ఫర్దర్ మ్యాథ్స్ రాస్తాను,” అంది.

రెండింట్లో ఏ పేపర్‌ని జరపాలన్నది కూడా తేల్చుకోవాల్సిన విషయమే. ఆ బడిలో ఫర్దర్ మ్యాథ్స్ రాసేవాళ్లు కొద్దిమంది, ఎకనామిక్స్ రాసేవాళ్లు చాలామంది. ఎకనామిక్స్ ప్రశ్నలైతే సాయంత్రానికి బస్టాపులో కూడా వినిపిస్తాయి. తక్కువమంది రాసే పేపర్‌ని మర్నాటికి జరపడమే కాపలాకి తేలికని ఆవిడ చెప్పారు. పిల్ల కోరుకున్నది కూడా అదే కాబట్టి మాట కుదిరింది.

ఇక మిగిలింది రాత్రి. ఎకనామిక్స్ అయిన క్షణం నుంచి మర్నాడు పరీక్ష హాల్లో కూర్చునే దాకా పిల్ల ఎవరో ఒక పెద్దమనిషి కనుసన్నల్లో ఉండాలి. బడి సిబ్బంది గానీ, తల్లిదండ్రులు గానీ ఆ పని చెయ్యొచ్చు. ఫోన్ ఉండకూడదు, ఇంటర్నెట్ ఉండకూడదు, ఆ పేపర్ రాసిన ఏ పిల్లతోనూ మాట కలవకూడదు. సొంత పుస్తకాలు, సొంత నోట్సు చదువుకోవచ్చు. దీనికి ఒక డిక్లరేషన్ ఉంది. అందులో పిల్ల సంతకం, కాపలా ఉండే పెద్దవాళ్ల సంతకం, హెడ్ టీచర్ సంతకం ఉండాలి. మాట తప్పితే దాన్ని పరీక్షలో అక్రమం కిందే చూస్తారు, పేపర్ రద్దు కావచ్చు. ఆవిడ ఇదంతా గొంతు పెంచకుండా, తొందరపెట్టకుండా చదివి వినిపించారు. కాపలాదారుగా నా పేరు రాయించుకున్నాను.

ఇంటికొచ్చాక కాగితం మీద ఒప్పుకున్నది ఇంట్లో జరిగేలా చూడటం ఎంత పనో తెలిసింది. పిల్ల పాత ప్రశ్నపత్రాలన్నీ లాప్‌టాప్‌లోనే చేసేది. జవాబులు సరిచూసుకునేది అందులోనే, తెలియనివి వీడియోల్లో వెతుక్కునేది. ఆ రాత్రి అవేవీ ఉండవు. అందుకని ముందు వారమే లైబ్రరీకి వెళ్లి, పాత పేపర్లు, వాటి జవాబులు, ఫార్ములా పుస్తకం ప్రింట్లు తీయించి స్పైరల్ కొట్టించాం. మా చిన్నాడు అదే బడిలో తొమ్మిదో తరగతి. వాడికి ఫోనుంది, వాడి స్నేహితుల అన్నలూ అక్కలూ ఇవే పరీక్షలు రాస్తున్నారు. వాణ్ణి ఆ రాత్రికి మా ఆయన స్నేహితుడింట్లో పడుకోబెట్టే ఏర్పాటు చేశాం. వాడు సంబరంగా ఒప్పుకున్నాడు.

మా అమ్మతో మాత్రం కష్టమైంది. మనవరాలి పరీక్షలంటే ఆవిడ తెనాలిలో రోజూ దీపం పెట్టేది. ప్రతి పరీక్ష అయిన సాయంత్రం, అక్కడ రాత్రి భోజనాలయ్యాక వాట్సాప్‌లో వీడియో కాల్ చేసి, ఎలా రాశావమ్మా అని పిల్లనే అడిగేది. ఆ రోజు చెయ్యొద్దమ్మా అని చెప్పాను. “నేనేమైనా ప్రశ్నలు చెబుతానా ఏమిటే?” అని నొచ్చుకుంది. రెండు పేపర్లు ఒకేసారి పడ్డాయనీ, ఒకటి మర్నాడు రాస్తోందనీ, అందాకా ఇంట్లో ఫోన్లు ఉండవనీ చెప్పాను. మర్నాటికి ఎందుకిచ్చారని అడిగితే, పిల్లకి చదవడానికి ఎక్కువ సమయం పడుతుందన్న విషయం కూడా చెప్పాల్సి వచ్చింది. మా అమ్మ కాసేపు ఊరుకుని, “మీ మేనమామ కూడా అంతేగా. పత్రిక ముందేసుకుని గంటలు గంటలు కూర్చునేవాడు. మొద్దని కొట్టేవాళ్లు పాపం,” అంది. నాకు ఆ సంగతి తెలియదు. మామయ్య ఎనిమిదో తరగతిలోనే చదువు ఆపేశాడని మాత్రమే తెలుసు.

పరీక్ష రోజు ఉదయం ఫిజిక్స్ మామూలుగా రాసింది. ఒకటిన్నర దాకా ఆంక్షలేమీ లేవు. ఫర్దర్ మ్యాథ్స్ పత్రం ఇంకా ఎవరూ చూడలేదు కాబట్టి స్నేహితులతో కలిసే భోజనం చేసింది. ఎకనామిక్స్ హాల్లోకి వెళ్లేముందు ఫోన్ ఎగ్జామ్స్ ఆఫీసర్ చేతిలో పెట్టింది. ఆవిడ దాన్ని ఒక కవర్లో వేసి, పైన పేరు రాసి, బీరువాలో పెట్టి తాళం వేశారట. తన క్లాసు పిల్లలు అదే సమయంలో పక్క హాల్లో ఫర్దర్ మ్యాథ్స్ మొదలుపెట్టారు. వాళ్లకి మూడింటికే అయిపోతుంది. మా అమ్మాయి నాలుగింటి దాకా లోపలే ఉంటుంది. ఆ గంటలో బడి ఆవరణంతా ఆ పేపర్ కబుర్లే ఉంటాయి. అందుకని నన్ను పెద్ద గేటు దగ్గరికి కాకుండా వెనకవైపు కారు పార్కింగులోకి రమ్మన్నారు.

నాలుగు దాటిన కాసేపటికి ఒక ఇన్విజిలేటర్ పిల్లని వెంటబెట్టుకుని వచ్చారు. నెరిసిన జుట్టు, మెడలో గుర్తింపు కార్డు. పిల్లకీ నాకూ మధ్య నిలబడి, నా పేరు అడిగి, చేతిలోని కాగితంతో సరిచూసుకుని, అప్పగించిన వేళ రాసుకుని నా సంతకం తీసుకున్నారు. అప్పుడు పక్కకి జరిగారు. పిల్ల వచ్చి కారెక్కింది. రేడియో ముందే తీసేశాను. “ఎలా రాశావమ్మలూ?” అన్నాను. “ఎకనామిక్స్ బాగానే ఉంది. ఆకలేస్తోంది,” అంది.

ఇంట్లో రౌటర్ ప్లగ్గు తీసేసి ఉంది. నా ఫోనూ మా ఆయన ఫోనూ ఆపేసి వంటింటి అల్మారాలో పైన పెట్టాం. అన్నం తిని, పిల్ల హాల్లో బల్ల దగ్గర స్పైరల్ పుస్తకం తెరిచింది. నేను ఎదురుగా కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుకుంటున్నాను. ఆరున్నర ప్రాంతంలో కాలింగ్ బెల్ మోగింది. మా ఇంటికి రెండిళ్ల అవతల ఒక గుజరాతీ కుటుంబం ఉంది. వాళ్లమ్మాయిదీ మా అమ్మాయిదీ ఒకే ఫర్దర్ మ్యాథ్స్ క్లాసు. చిన్నప్పటి నుంచి కలిసి బడికెళ్లిన పిల్లలు. కిటికీ తెర సందులోంచి చూస్తే ఆ అమ్మాయే. మొహం వాడిపోయి ఉంది.

మా అమ్మాయి లేచి నిలబడింది. నేను చెయ్యి అడ్డం పెట్టి పైకి వెళ్లమన్నాను. మా ఆయన పిల్లతో పాటు మేడ మీద గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నారు. అప్పుడు నేను వెళ్లి తలుపు తీసి, బయటికి వచ్చి, నా వెనక మూసేశాను. “ఆంటీ, తను ఫోన్ ఎత్తట్లేదు. పేపర్ చాలా...” అని మొదలుపెట్టింది. “ఆగమ్మా, ఏమీ చెప్పకు. నాక్కూడా చెప్పకు,” అన్నాను. తను ఆ పేపర్ ఇంకా రాయలేదని, రేపు పొద్దున రాస్తుందని చెప్పాను. ఆ పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఏమీ తెలియకుండానే నాలుగు మాటలతో స్నేహితురాలి పేపర్ పోగొట్టేదాన్నే అని కళ్లనీళ్లు పెట్టుకుంది. భుజం మీద చెయ్యేసి, నువ్వేం చెయ్యలేదమ్మా అని గేటు దాకా దిగబెట్టి వచ్చాను.

లోపలికొచ్చి కూర్చున్నాక ఆలోచన పట్టుకుంది. ఆ ‘చాలా’ తర్వాత రాబోయిన మాట ఏది? కష్టంగా ఉందనా, తేలిగ్గా ఉందనా? వాడిన మొహాన్ని బట్టి కష్టమనే అనుకోవాలి. ఆ మాత్రం కూడా పిల్లకి తెలియకూడదని నాకనిపించింది. కష్టమైన పేపర్ అని ముందే వింటే రాత్రంతా నిద్రపోదు. మేడ మీద నుంచి దిగి, “ఏమందమ్మా?” అని అడిగితే, “నీకోసం వచ్చింది, రేపు రమ్మన్నాను,” అని మాత్రం చెప్పాను. నా మొహం వైపు ఒక్క క్షణం చూసింది. ఇంకేమీ అడగలేదు. మళ్లీ పుస్తకం ముందు కూర్చుంది.

ఆ రాత్రి పిల్ల గదిలోనే కింద పరుపు వేసుకుని పడుకున్నాను. పదింటికే దీపం ఆర్పేసింది. ఫోన్ లేకుండా తను నిద్రపోవడం నేను చూసి ఏళ్లయింది. చీకట్లో ఒకసారి, “అమ్మా, ఇవాళ రెండూ రాసుంటే నా వల్ల అయ్యేది కాదు,” అంది. “నాన్న ఆ లెక్క చూసి ఏమనుకున్నారో?” అని కూడా అడిగింది. రిపోర్ట్ ఇంకో కాపీ తెస్తానన్నారుగా అన్నాను. నవ్వింది.

పొద్దున ఎనిమిదిన్నరకి మళ్లీ అదే పార్కింగు. ఎగ్జామ్స్ ఆఫీసర్ స్వయంగా వచ్చారు. రాత్రంతా ఎవరితోనూ మాట్లాడలేదు కదా, ఫోన్ గానీ ఇంటర్నెట్ గానీ వాడలేదు కదా అని పిల్లనీ నన్నూ విడివిడిగా అడిగారు. బెల్ సంగతి నేను దాచకుండా చెప్పాను. ఎవరొచ్చారు, ఏ వేళకి, ఎంతవరకు మాట్లాడింది, పిల్ల అప్పుడెక్కడుంది అని అడిగి రాసుకున్నారు. నాకు గుండె దడదడలాడింది. “తలుపు మూసి బయట మాట్లాడటం సరైన పని. రాసిపెడతాను. ఎవరైనా అడిగితే ఇదే చెబుతాను,” అని పిల్లని తీసుకెళ్లారు. తొమ్మిదింటికి ఒక చిన్న గదిలో, ఒక్క ఇన్విజిలేటర్ ముందు, మా అమ్మాయి ఆ పత్రం తెరిచింది.

పదకొండుకి కొంచెం ముందు బయటికొచ్చింది. కవర్లోంచి ఫోన్ తీసుకుని కారులో కూర్చోగానే తెనాలికి చేసింది. అక్కడ మధ్యాహ్నం మూడున్నర. మా అమ్మ మొదటి గంటకే ఎత్తింది. నేను కారు నడుపుతూ వింటున్నాను. ఎలా రాశావని అడగలేదు. “కళ్లు నొప్పెట్టాయా తల్లీ?” అంది.

సాయంత్రం మళ్లీ బెల్ మోగింది. ఈసారి ఆ గుజరాతీ అమ్మాయి గుమ్మం అవతలే నిలబడి, “ఇప్పుడు మాట్లాడొచ్చా ఆంటీ?” అని అడిగి లోపలికొచ్చింది. ఇద్దరూ వంటింటి బల్ల మీద కాగితాలు పరిచి కూర్చున్నారు. మాట్రిక్సుల మీద ఏదో ఐదో ప్రశ్న. ఒకరి జవాబు ఇంకొకరికి రాలేదు. చీకటి పడేదాకా అది నీ తప్పు, కాదు నీ తప్పు అని వాదించుకుంటూనే ఉన్నారు. నేను వాళ్లకి పకోడీలు వేసిపెట్టాను.